అమ్మమ్మకు ఇంటి వంటల పుస్తకం: చుట్టాల ‘అందాజ’ను అచ్చులోకి తేవడం ఎలా

మా అమ్మమ్మకు 80 నిండుతున్నాయని, ఆమె నేర్పిన వంటలన్నీ ఆమె పిల్లల దగ్గర, మనవళ్ళ దగ్గర సేకరించి చిన్న పుస్తకం వేసి ఇద్దామని నేనూ మా అక్కా అనుకున్నాం. నెల రోజుల పని అనుకున్నది రెండున్నర నెలలు పట్టింది. ఫొటోలు, అట్టలు, డిజైన్ వల్ల ఆలస్యం కాలేదు. ఆలస్యమంతా ఒకే ఒక్క మాట దగ్గర జరిగింది: “అందాజగా వేసుకోవాలె.” అందుకే ఈ గైడ్‌లో ఎక్కువ భాగం ఆ అందాజ గురించే ఉంటుంది, మిగతావి కాస్త తొందరగా దాటేస్తాను.

ముందు లెక్క వేసుకోండి, తర్వాత అడగండి

పుస్తకం ఇవ్వాల్సిన రోజు నుంచి వెనక్కి లెక్కపెట్టండి. ప్రెస్సుకు ఒక వారం, పేజీలు పెట్టడానికి రెండు వారాలు, వండి చూడడానికి మూడు వారాలు, సేకరణకు నాలుగు వారాలు, అంటే పది వారాలు. ఇంతకంటే తక్కువ టైం ఉంటే వంటల సంఖ్య తగ్గించండి గానీ వండి చూడడం మాత్రం తగ్గించకండి. మేము 31 వంటలతో మొదలుపెట్టి 19 దగ్గర ఆగాం.

ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో “అందరూ ఒక్కో వంట పంపండి” అని పెట్టకండి. మేము అదే చేశాం. రెండు రోజుల్లో వచ్చినవి ఇవి: ఎక్కడి నుంచో ఫార్వర్డ్ అయిన పనీర్ వంట ఒకటి, ‘గుడ్ ఐడియా’ అని తొమ్మిది మెసేజ్‌లు, పప్పుచారు మూడుసార్లు. పైగా ఆ గ్రూపులో అమ్మమ్మ కూడా ఉందన్న సంగతి అక్క చూసుకుని మెసేజ్ డిలీట్ చేసేసరికి ఆలస్యమైంది, సర్‌ప్రైజ్ అక్కడే సగం పోయింది.

ఒక్కొక్కరికి విడిగా ఫోన్ చేయండి, మనిషికి రెండు వంటలకు మించి అడగకండి, ఏ వంట కావాలో మీరే చెప్పండి. “పెద్దమ్మా, నువ్వు చేసే సర్వపిండి కావాలి, నాకు వేరేదేదీ వద్దు” అంటే ఆమెకు పని తేలిక, మీకూ రిపీట్లు రావు. వంట రాదని అందరూ అనుకునే మనిషిని కూడా వదలకండి. మా మేనమామకు అన్నం వండడం కూడా సరిగ్గా రాదు గానీ ఆదివారం పొద్దున రాంనగర్ చేపల మార్కెట్‌కు వెళ్ళి చేప ఎంచుకోవడం ఆయన పనే, కాబట్టి చేపల పులుసు పేజీలో మొదటి పేరా ఆయనది: మొప్ప ఎత్తి చూస్తే ఎర్రగా ఉండాలి, కన్ను ఉబ్బుగా మెరవాలి, వేలితో నొక్కితే పడ్డ సొట్ట వెంటనే పైకి రావాలి. ఆ తర్వాత వంట అత్తమ్మది.

“రెసిపీ పంపు” అని అడగకండి

అలా అడిగితే వచ్చేది ఇలా ఉంటుంది: “బియ్యప్పిండి, శనగపప్పు, పల్లీలు, ఉప్పు కారం సరిపడా, కలిపి గంజుకు ఒత్తి కాల్చుకోవాలె.” ఇది తప్పేమీ కాదు. వంట వచ్చినవాళ్ళు వంట వచ్చినవాళ్ళకు చెప్పుకునే పద్ధతి ఇదే. కానీ పుస్తకం చూసి మొదటిసారి వండే మనవరాలికి ఇందులో పనికొచ్చేది సగమే.

వండుతున్న రోజున ఫోన్ చేయండి. వంటగదిలో నిలబడి చేతిలో పనిలో ఉన్న మనిషి, సోఫాలో కూర్చుని గుర్తు చేసుకునే మనిషి కంటే రెట్టింపు వివరాలు చెప్తుంది. ఫోన్ స్పీకర్‌లో పెట్టించి, కాల్ రికార్డ్ చేస్తున్నానని ముందే చెప్పి, ఈ ప్రశ్నలు అడగండి. ఏ గిన్నెలో చేస్తున్నావు, దాన్లో ఎంతమందికి సరిపోతుంది? ఏ ఉప్పు, దొడ్డుప్పా సన్నుప్పా? మంట ఎప్పుడు తగ్గించావు, ఏం చూసి తగ్గించావు? అయిపోయిందని ఎట్లా తెలుస్తుంది? చివరిది అన్నిటికంటే ముఖ్యం: కొత్తగా చేసేవాళ్ళకు ఇది ఎక్కడ చెడుతుంది?

ఈ చివరి ప్రశ్నకు మా చిన్నమ్మ ఇచ్చిన జవాబు అట్లాగే పుస్తకంలో వేశాం. పచ్చిపులుసులో ఉల్లిగడ్డను ఉప్పుతో పిసకకుండా వేస్తే అది పులుసులో విడిగా తేలుతుందని, పులుసు వేరు, గడ్డ వేరు అన్నట్టు ఉంటుందని. ఈ మాట ఆమె అంతకుముందు పంపిన వంట విధానంలో లేదు, ఎందుకంటే ఆమెకు అది చెప్పాల్సిన విషయం అనే తోచలేదు.

రికార్డింగ్‌ను రాతలోకి మార్చేటప్పుడు ఆ ఆడియోనే ఫోన్‌లో వాయిస్ టైపింగ్‌కు వినిపించకండి, కుక్కర్ విజిల్, ఫ్యాన్ చప్పుడు కలిసి చెత్త వస్తుంది. మీరు విని, మీ గొంతుతో ఒక్కో వాక్యం తిరిగి చెప్పండి. తర్వాత అంకెలన్నీ మళ్ళీ చూసుకోండి. ముఖ్యంగా ‘పావు’ అనే మాట. పావు అంటే పావు కిలోనా, పావు చెంచానా, పావు గ్లాసా? చెప్పేవాళ్ళు ఒట్టి ‘పావు’ అని వదిలేస్తారు. మా దగ్గరికి వచ్చిన ఒక వంటలో ‘కారం పావు’ అని ఉంది, అది పావు గ్లాసట.

అందాజ కొలిచే పద్ధతి: డబ్బాను తూచండి, చేతిని ఆపకండి

చేయి తిరిగిన మనిషికి కొలత కప్పులిచ్చి “దీంతో వెయ్యి” అంటే చేతి లెక్క తప్పుతుంది, వంట రుచీ మారుతుంది. ఇది మేము అమ్మతో ఒకసారి చేసి చూశాం, ఆ రోజు కూర ఎవరూ తినలేదు. కాబట్టి ఆమెను అలవాటుగా వండనివ్వండి, మీరు డబ్బాలను తూచండి.

కావాల్సింది గ్రాములు చూపించే మామూలు కిచెన్ తూకం ఒకటి. వంట మొదలయ్యే ముందు పిండి డబ్బా, ఉప్పు డబ్బా, కారం డబ్బా, నూనె గిన్నె, నీళ్ళ చెంబు, అన్నీ మూతల్లేకుండా ఒక్కొక్కటిగా తూచి రాసుకోండి. వంట అయ్యాక మళ్ళీ తూచండి. తేడానే ఆమె వేసిన కొలత. నీళ్ళు ఒక మిల్లీలీటరు ఒక గ్రాము కాబట్టి చెంబు తూకంలో ఎంత తగ్గితే అన్ని మిల్లీలీటర్లు. ఆమె మధ్యలో ఎన్నిసార్లు చేయి పెట్టినా, ‘ఇంకొంచెం’ అని ఎన్నిసార్లు వేసినా మొత్తం లెక్కలోకి వచ్చేస్తుంది. ఒక్క జాగ్రత్త చాలు: ఆ గంటసేపు ఆ డబ్బాల్లోంచి వేరే వంటకు ఏదీ తీయకూడదు. మా ఇంట్లో మధ్యలో ఎవరో చాయ్‌కి చెంబులో నీళ్ళు తీసుకుని మొదటి లెక్క చెడగొట్టారు.

ఒక చిక్కుంది. ఉప్పు అయిదారు గ్రాములే వేస్తే మామూలు తూకాలు ఒకటి రెండు గ్రాములు అటూ ఇటూ చూపిస్తాయి, ఆ కాస్త తేడాకే వంట ఉప్పగా అవుతుంది. అందుకని ఉప్పు, పసుపు, ఇంగువ లాంటివి చెంచా లెక్కలోకి కూడా తేవాలి. మీకు తేలిన తూకమంత ఉప్పు విడిగా పోసి, కొలత చెంచాతో ఎన్ని వస్తుందో చూసి రెండూ రాయండి. దొడ్డుప్పు చెంచాలో గాలి ఎక్కువ పడుతుంది, సన్నుప్పు గట్టిగా కూర్చుంటుంది. అదే చెంచా అయినా ఉప్పదనం ఒకటి కాదు. అందుకే మా పుస్తకంలో ఎక్కడా ఒట్టి ‘ఉప్పు’ అని రాయలేదు, ఏ ఉప్పో రాశాం.

దూరంగా ఉన్నవాళ్ళ దగ్గరికి తూకం తీసుకుని వెళ్ళలేం కదా. వాళ్ళను వాళ్ళ గ్లాసు ఒకటి గుర్తుపెట్టుకోమనండి, అదే గ్లాసుతో చేయమనండి. తర్వాత ఆ గ్లాసు నిండా నీళ్ళు పోసి, ఖాళీ లీటరు నీళ్ళ బాటిల్లోకి ఎన్ని గ్లాసులు పడతాయో లెక్కపెట్టమనండి. అయిదున్నర పడితే గ్లాసు దాదాపు 180 మిల్లీలీటర్లు, నాలుగు పడితే 250. మా పెద్దమ్మ స్టీల్ గ్లాసు, అత్తమ్మ స్టీల్ గ్లాసు చూడ్డానికి ఒకటే, కొలిస్తే ఒకటి 180, ఇంకొకటి 240. ఇద్దరూ ‘రెండు గ్లాసుల పిండి’ అన్నారు.

పాత కొలతలు వస్తే వాటిని కొట్టేయకండి. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, ఈ వరుస పెద్దవాళ్ళకు నోటికి వస్తుంది. కానీ సోలలో ఎంత పడుతుందనేది ఊరిని బట్టి, ఇంట్లో ఉన్న పాత్రను బట్టి మారుతుంది. పుస్తకాల్లో వెతక్కుండా ఆ ఇంటి సోలనే నీళ్ళతో కొలవండి. గుప్పెడు కూడా అంతే. పెద్దమ్మను గుప్పెడు పల్లీలు తీసి తూకం మీద వేయమంటే 38 గ్రాములు వచ్చింది, నా గుప్పెడు 52. పుస్తకంలో ‘పెద్దమ్మ గుప్పెడు (38 గ్రాములు)’ అనే రాశాం, అమ్మమ్మ ఆ పేజీ చూసి చాలాసేపు నవ్వింది.

ఒక్క వంట మొత్తం ఎట్లా నడిచిందంటే

సర్వపిండి మూడు ఇళ్ళ నుంచి వచ్చింది. పెద్దమ్మ దాన్ని సర్వపిండి అంటుంది, అత్తమ్మ వాళ్ళ వైపు గిన్నప్ప అంటారు, చిన్నమ్మ గంజు రొట్టె అంటుంది. పెద్దమ్మ ఎండు కారం వేస్తుంది, చిన్నమ్మ పచ్చిమిర్చి దంచి వేస్తుంది, అత్తమ్మ ఉల్లాకు లేకుండా చేయనే చేయదు. మూడూ మూడు వంటలుగా వేస్తే పుస్తకం నిండుతుంది గానీ చదివేవాళ్ళకు విసుగు. మూడూ కలిపి ఒకటి తయారుచేస్తే అది ఎవరి వంటా కాకుండా పోతుంది, ముగ్గురికీ కోపం. మేము చేసింది: పెద్దమ్మది మొత్తం వేసి, పేజీ అంచున చిన్న అక్షరాల్లో ‘చిన్నమ్మ ఇంట్లో’, ‘అత్తమ్మ ఇంట్లో’ అని తేడాలు మాత్రం రాశాం. ఎవరిది మొత్తం వేయాలంటే ఎవరి దగ్గర కొలతలు పక్కాగా దొరికాయో వాళ్ళది. చుట్టరికం చూసి తేల్చుకోవద్దు, పెద్ద గొడవ.

పెద్దమ్మ రామంతాపూర్‌లోనే ఉంటుంది కాబట్టి తూకం పట్టుకుని వెళ్ళాను. తేలిన లెక్క: పిండి 400 గ్రాములు, శనగపప్పు 50 గ్రాములు గంటసేపు నానబెట్టి, వేయించి కచ్చాపచ్చాగా దంచిన పల్లీలు 60, నువ్వులు 25, ఎండు కారం రెండున్నర చెంచాలు, సన్నుప్పు చెంచాన్నర, ఒక ఉల్లిగడ్డ సన్నగా తరిగి, కరివేపాకు, కొత్తిమీర, నీళ్ళు 270 మిల్లీలీటర్లు. మధ్యరకం గంజుకు నాలుగు వచ్చాయి.

ఇది రాసి కూకట్‌పల్లిలో ఉండే మా తమ్ముడి భార్యకు పంపాను, ఆమె అంతకుముందు ఎప్పుడూ చేయలేదు. పరీక్షకు అలాంటి మనిషే కావాలి. వండడం వచ్చినవాళ్ళకు ఇస్తే, రాసిన దాంట్లో లేనిది కూడా వాళ్ళ చేతులే చేసేస్తాయి, మీకు తప్పు దొరకదు. ఫోన్ చేయొద్దు, అనుమానం వస్తే కాగితం మీదే ప్రశ్న రాసి ముందుకు వెళ్ళమన్నాను. పిండి గంజుకు ఒత్తుతుంటే పగుళ్ళు వచ్చాయి, కాలాక పెళుసుగా విరిగింది.

కొలతలు తప్పా? కాదు. పెద్దమ్మ పిండి ప్యాకెట్ పిండి కాదు. బియ్యం కడిగి, కాసేపు నానబెట్టి, నీడలో ఆరబెట్టి గిర్నీకి పంపిస్తుంది. ఆ పిండిలో అప్పటికే తడి ఉంది. ప్యాకెట్ పిండి పొడిది, అది ఎక్కువ నీళ్ళు తాగుతుంది. రెండోసారి 340 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్ళతో కలిపి పది నిమిషాలు మూతపెట్టి ఉంచితే సరిగ్గా వచ్చింది. పుస్తకంలో రెండు కొలతలూ వేశాం, దానికి తోడు చేతికి తెలిసే గుర్తు ఒకటి: ముద్దను అరచేతిలో నొక్కితే అంచులు పగలకూడదు, చేతికి అంటుకుని సాగకూడదు.

ఆమె కాగితం మీద రాసిన రెండో ప్రశ్న ఇంకా బాగుంది: “రెండోది ఎట్లా ఒత్తాలి, గంజు కాలుతోంది!” నిజమే, పెద్దమ్మ మొదటిది తీశాక గంజును బోర్లించి వెనక నీళ్ళు పోసి చల్లార్చింది. నేను పక్కనే నిలబడి చూశాను, రాయలేదు. మా అక్కయితే రెండు గంజులు పెట్టుకుని మార్చి మార్చి వాడుతుంది. చివరికి ఆ పేజీలో పద్ధతి ఇలా వచ్చింది:

> చల్లటి గంజుకు లోపల నూనె రాసి, ముద్దలో నాలుగో వంతు తీసుకుని అడుగునా, కొంచెం అంచుల పైకీ పలుచగా ఒత్తాలి. వేలితో అయిదారు రంధ్రాలు చేసి, వాటిల్లో రెండు చెంచాల నూనె పోసి మూతపెట్టి చిన్న మంట మీద 10–12 నిమిషాలు. అంచులు గంజును వదిలి, పల్లీలు వేగిన వాసన వస్తే అయినట్టు. రెండోసారి ఒత్తే ముందు గంజు చేతితో పట్టుకునేంత చల్లారాలి.

పేజీలు పెట్టడం

అమ్మమ్మ చదవాలి కాబట్టి అక్షరం 16 పాయింట్లు, అంతకంటే తక్కువ వద్దు. ‘Noto Serif Telugu’ గానీ ‘Mandali’ గానీ ఉచితంగా దొరుకుతాయి, వత్తులు స్పష్టంగా ఉంటాయి. అలంకారం ఎక్కువున్న ఫాంట్లు టైటిల్ వరకే. పుస్తకం ఎ5 సైజు, అంటే ఎ4 కాగితం సగానికి మడిచినంత. ఒక వంట ఎదురెదురు రెండు పేజీల్లో అయిపోవాలి, ఎడమవైపు దినుసులు, కుడివైపు పద్ధతి, పిండి చేతులతో పేజీ తిప్పే పని ఉండకూడదు.

మా లెక్క ఇది: మొదటి పేజీ పేరు, 2లో విషయసూచిక, 3లో మా ఇంటి కొలతల పట్టిక (పెద్దమ్మ గ్లాసు, అత్తమ్మ గ్లాసు, గుప్పెళ్ళు), 4 నుంచి 41 వరకు 19 వంటలు, చివరి మూడు పేజీలు ఖాళీ గీతలు. మొత్తం 44. మధ్యలో పిన్ను కొట్టే పుస్తకానికి పేజీలు నాలుగుతో భాగించబడాలి, లేకపోతే ప్రెస్సువాళ్ళు వాళ్ళకు తోచిన చోట తెల్ల పేజీలు కలుపుతారు, ఎదురెదురు పేజీల లెక్కంతా పోతుంది.

లిబ్రేఆఫీస్‌లో చేస్తుంటే తెలుగు అక్షరాల సైజు మారడం లేదని కంగారు పడకండి, తెలుగుకు సెట్టింగ్ ‘CTL Font’ కింద విడిగా ఉంటుంది.

ప్రెస్సు దగ్గర

చిక్కడపల్లి వైపో, పాతబస్తీలో పెళ్ళికార్డులు వేసే ఛత్తాబజార్ వైపో వెళ్తే చిన్న పనులు తీసుకునేవాళ్ళు దొరుకుతారు. 20, 30 కాపీలకు డిజిటల్ ప్రింటే సరి. ఆఫ్‌సెట్‌లో ప్లేట్ల ఖర్చు ఉంటుంది కాబట్టి వందల కాపీలు వేస్తేనే గిట్టుతుంది.

ఇక్కడ మేము పడ్డ టెన్షన్ ఒకటి చెప్పాలి. తెలుగు డీటీపీ చేసే చాలామంది ఇప్పటికీ పాత పేజ్‌మేకర్‌లో, ‘అను’ అనే ఫాంట్లతో పనిచేస్తారు. అవి యూనికోడ్ కాదు. మీరు ఫోన్‌లో టైప్ చేసింది అక్కడ అతికిస్తే ప్రశ్నార్థకాలో పిచ్చి అక్షరాలో వస్తాయి, అప్పుడు వాళ్ళు “మళ్ళీ టైప్ చేస్తాం” అంటారు, కొత్త తప్పులు మొదలవుతాయి. మేము వెళ్ళిన మొదటి చోట అలా టైప్ చేసిన ప్రూఫులో ‘చెంచాన్నర’ ‘చెంచానర’ అయింది, 25 కాస్తా 52 అయింది. కాబట్టి టెక్స్ట్ ఫైల్ ఇవ్వకండి, ఫాంట్లు లోపల పొదిగిన పీడీఎఫ్ ఇవ్వండి, అందులో ఏదీ కదపొద్దనండి. ఇన్‌డిజైన్‌లో మార్పులు చేస్తామంటే ‘Adobe World-Ready Paragraph Composer’ పెట్టమనండి, అది లేకపోతే వత్తులు విడిపోతాయి.

ప్రూఫు చేతికొచ్చాక ముందు ‘ముక్కలు’, ‘మిర్చి’, ‘కొబ్బరి’, ‘దొడ్డుప్పు’ అనే మాటలు వెతికి చూడండి. వత్తు కిందికి రాకుండా పొల్లుతో పక్కన నిలబడితే ఫాంట్ చెడిందని అర్థం. తర్వాత అంకెలు మాత్రం ఇద్దరు కూర్చుని, ఒకరు చదువుతూ ఒకరు చూస్తూ సరిపెట్టుకోండి. స్క్రీన్ మీద కాదు, ఒక్క కాపీ వేయించి కాగితం మీద.

లోపల 100 జీఎస్‌ఎం మ్యాప్‌లిథో కాగితం చాలు. మెరిసే ఆర్ట్ పేపరు మీద ట్యూబ్‌లైట్ పడి పెద్దవాళ్ళకు చదవడం కష్టం, పెన్సిల్ కూడా ఆనదు. అట్టకు మాత్రం మ్యాట్ ల్యామినేషన్ చేయించండి, నూనె మరక గుడ్డతో తుడిస్తే పోతుంది. పిన్ను పుస్తకం వంటగట్టు మీద తెరిచిపెడితే మూసుకుంటుంది, అందుకని అమ్మమ్మ కాపీ ఒక్కటి మాత్రం రంధ్రాల్లోంచి వైరు చుట్లు వేసే వైరో బైండింగ్ చేయించాం. దానికోసం లోపలి వైపు ఒకటిన్నర సెంటీమీటర్ల మార్జిన్ వదిలి ఉండాలి, లేకపోతే రంధ్రాలు అక్షరాల మీద పడతాయి.

పుట్టినరోజున అమ్మమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని మొదటి పేజీ దాటి సూటిగా చేపల పులుసు తీసింది. చదివి, “మెంతులు ఏవి బిడ్డా? ఎవరు రాసిన్రు ఇది?” అంది. అత్తమ్మ కిందికి చూసింది. ఖాళీ పేజీలతో పాటు పెన్సిల్ కూడా ఇవ్వడం మర్చిపోకండి. సాయంత్రానికి ఆమె 11 చోట్ల దిద్దింది. ఆ పేజీలన్నీ ఫొటో తీసి, అసలు ఫైల్‌లో మార్చి పెట్టుకున్నాం. మిగతా 24 కాపీలు ఇంకా పంచలేదు, వాటిలో మెంతుల వాక్యం అక్క చేత్తో రాస్తోంది.